వార్తల్లో పదం: ఇంపొజిషన్

నడికుడి జంక్షన్ మీదుగా వెళ్లే రైళ్ల వేళలతో 8 పేజీల చిన్న పుస్తకం వేయాలనుకుందాం. రెండు ఏ4 కాగితాలు చాలు. రెండు వైపులా ముద్రించి, ఒకదానిలో ఒకటి పెట్టి మధ్యకు మడిచి పిన్ను కొడితే సరి. కానీ పేజీలను వరసగా ముద్రిస్తే, మడిచాక 1 తర్వాత 2 రాదు. మడత తర్వాత వరస కుదిరేలా కాగితం మీద పేజీలను ముందే అటూ ఇటూ సర్దడమే ఇంపొజిషన్.

పై కాగితం వెలుపలి వైపు ఎడమన 8, కుడిన 1. దాని వెనుక 2, 7. లోపలి కాగితం మీద 6, 3. వెనుక 4, 5. పక్కపక్కనున్న అంకెలు కలిపితే ప్రతిచోటా 9 రావాలి, అంటే మొత్తం పేజీల కంటే ఒకటి ఎక్కువ. బేసి పేజీ ఎప్పుడూ కుడివైపే. పేజీలు నాలుగుతో భాగించబడాలి. 10 పేజీల విషయముంటే 2 ఖాళీ పేజీలు కలిపి 12 చేయాల్సిందే.

ఎక్కువమంది దెబ్బతినేది ప్రింటర్ దగ్గర. వెనుక వైపు తలకిందులుగా వచ్చిందంటే కాగితం పొడవు అంచు మీద తిరిగిందన్నమాట. సెట్టింగుల్లో `Flip on short edge` ఎంచుకోవాలి. తెల్లకాగితాలు మడిచి, పెన్సిల్‌తో అంకెలు వేసి విప్పి చూస్తే ఈ లెక్కంతా కళ్లముందుంటుంది. నన్నడిగితే సాఫ్ట్‌వేర్ కంటే అదే నమ్మకం.

పుస్తకం లావైతే లోపలి కాగితాలు బయటికి పొడుచుకొస్తాయి. అంచు కత్తిరిస్తే అక్షరాలు తెగకుండా మధ్య పేజీల్లో వెలుపలి మార్జిన్ కాస్త ఎక్కువ వదలాలి.