చార్మినార్ పక్క వీధికి ఎందుకు పోయింది?

సీరియల్ తీగ మీద జీపీఎస్ మాడ్యూల్ చార్మినార్ దగ్గర మధ్యాహ్నం 12 గంటలకు పంపే వాక్యం ఇలా ఉంటుంది:

```
$GPGLL,1721.70,N,07828.48,E,063000,A,A*49
```

ముందు నమ్మకం సంగతి. `$`కూ `*`కూ మధ్యనున్న అక్షరాలన్నిటికీ వరసగా XOR చేస్తే హెక్సాలో 49 రావాలి. రాకపోతే దారిలో ఏదో అక్షరం చెడినట్టే. వాక్యాన్ని పారేసి తర్వాతిదాని కోసం ఆగాలి. ఒకే బిట్టు రెండు అక్షరాల్లో తిరగబడితే మాత్రం ఈ పరీక్ష కనిపెట్టలేదు.

ఆపైన కామాల దగ్గర విడగొట్టడం. సీ భాషలోని `strtok` ఖాళీ గడులను మింగేస్తుంది, దాంతో సిగ్నల్ లేనప్పుడు గడులన్నీ జరిగిపోతాయి. సమయం తర్వాతి గడిలో `A` ఉంటేనే స్థానం చెల్లుతుంది, `V` అయితే చెల్లదు.

అసలు తిరకాసు 1721.70లో ఉంది. అది 17 డిగ్రీల 21.70 నిమిషాలు. నిమిషాలను 60తో భాగించి కలిపితే 17.3617. రేఖాంశం అలాగే 78.4747. తొందరపడి రెండింటినీ 100తో భాగిస్తే చార్మినార్ పాతిక కిలోమీటర్లు నైరుతికి జరుగుతుంది, చెక్‌సమ్ మాత్రం సరిగ్గానే ఉంటుంది!