ఫోన్ గొంతును సాగదీస్తే మెషీన్‌కు బాగా వినిపిస్తుందా?

ఫోన్‌లో ఇనిషియల్ చెప్పేటప్పుడు ‘ఎస్’ అంటే అవతలివాళ్లు ‘ఎఫ్’ అని రాసుకుంటారు. అందుకే ‘ఎస్ ఫర్ సీత’ అని విడమరిచి చెబుతాం. మామూలు ఫోన్ కాల్ 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకున్న ధ్వనినే మోస్తుంది. ‘స’ పలికినప్పుడు వచ్చే బుస చాలావరకు 4000 హెర్ట్జ్ పైన ఉంటుంది కాబట్టి అది దారిలోనే తెగిపోతుంది.

ఇలాంటి కాల్‌లో సెకనుకు 8000 శాంపిల్స్ ఉంటాయి. మాటను అక్షరాల్లోకి మార్చే విస్పర్ వంటి మోడల్స్‌కు 16000 కావాలి. అందుకని ముందుగా ఈ పని చేస్తారు:

```
ffmpeg -i call.wav -ar 16000 call16.wav
```

దీంతో 20 మిల్లీసెకన్ల మాటలో 160గా ఉన్న శాంపిల్స్ 320 అవుతాయి. కొత్తగా చేరినవన్నీ చుట్టుపక్కల వాటినుంచి లెక్కకట్టినవే. తెగిపోయిన బుస వాటిలో ఉండదు. విస్పర్ మోడల్స్‌లో చాలావరకు ధ్వనిని 80 పట్టీలుగా విడగొట్టి చూస్తాయి. వాటికి ఈ ఫైలు ఇస్తే 4000 హెర్ట్జ్ పైనున్న దాదాపు 18 పట్టీలు ఖాళీగానే కనిపిస్తాయి. స్పెక్ట్రోగ్రామ్ తీస్తే పై సగమంతా నల్లగా ఉంటుంది.

మరి అప్‌సాంప్లింగ్ చేశాక తప్పులు తగ్గాయని కొందరు ఎందుకంటారు? దేనితో పోల్చారో చూడాలి. 8000 శాంపిల్స్ ఫైలును 16000 అనుకుని మోడల్‌కు ఇచ్చేస్తే మాట రెట్టింపు వేగంతో, కీచుగొంతుతో నడుస్తుంది. వచ్చే రాతకు అర్థం ఉండదు. దాంతో పోలిస్తే ఏదైనా మెరుగే. అది పొరపాటును సరిదిద్దడమే తప్ప కొత్తగా వచ్చిన లాభం కాదు.

సరైన పరీక్ష వేరు. 16000 శాంపిల్స్‌తో శుభ్రంగా తీసిన రికార్డింగ్‌ను ఒకసారి ఉన్నదున్నట్టు ఇవ్వాలి. రెండోసారి దాన్నే 8000కు కుదించి, ఫోన్ కోడెక్‌లోంచి పంపి, మళ్లీ 16000కు సాగదీసి ఇవ్వాలి. రెండింటిలో ఎన్ని మాటలు తప్పాయో లెక్కపెడితే, ఆ తేడాయే ఫోన్ వల్ల జరిగిన నష్టం. ‘మూడు’, ‘ఆరు’ లాంటి అంకెల్లో అచ్చుల బలం కింది భాగంలోనే ఉంటుంది కాబట్టి అవి చాలావరకు నిలుస్తాయి. వాక్యంలో ఒక అక్షరం మసకబారినా మిగతా మాటల ఆధారంతో మోడల్ పట్టుకోగలదు. ఇనిషియల్స్‌కు, పేర్లకు ఆ ఆసరా ఉండదు. తప్పులు ఎక్కువగా దొర్లేది అక్కడే.

పోయిన పై భాగాన్ని ఊహించి నింపే న్యూరల్ పద్ధతులూ ఉన్నాయి. వినడానికి హాయిగా ఉంటుంది గానీ, ‘ఎఫ్’ మీద ‘ఎస్’ బుసను అతికించే ప్రమాదం ఉంది. చెవికి నచ్చిందని కాక, తప్పుల లెక్క తగ్గిందా లేదా అన్నది చూసే దాన్ని వాడాలి.

ఎక్కువగా పనికొచ్చేది శిక్షణలో మార్పు. శిక్షణకు వాడే మంచి ఆడియోలో కొంత భాగాన్ని ఇలాగే కుదించి, సాగదీసి మోడల్‌కు వినిపిస్తే ఖాళీ పట్టీలు దానికి కొత్తగా ఉండవు. 8000కే తయారైన మోడల్ దొరికితే సాగదీసే పనే లేదు. కాల్ హెచ్‌డీ వాయిస్‌లో వస్తుంటే 7000 హెర్ట్జ్ వరకు ధ్వని చేరుతుంది. దాన్ని 8000కు కుదించి దాచే రికార్డర్ సెట్టింగును ముందు మార్చుకోవాలి.