అక్షింతల పురుగు ఆకలికి రెండు అంకెలు

అలసంద తీగల లేత చివర్లకు నల్లగా పేనుబంక పట్టినప్పుడు, వాటి మధ్య చుక్కల రెక్కల అక్షింతల పురుగులు తిరుగుతూ కనిపిస్తాయి. వ్యవసాయాధికారులు వీటిని మిత్రపురుగులంటారు. ఒక్కో అక్షింతల పురుగు రోజుకు ఎన్ని పేనుబంక పురుగులను తింటుంది? దీనికి ఒక్క అంకెతో జవాబు చెప్పలేం. ఎదురుగా ఎన్ని ఉన్నాయన్నదాన్ని బట్టి అది తినే సంఖ్య మారిపోతుంది. ఎర పెరిగేకొద్దీ తిండి ఎలా పెరుగుతుందో, ఎక్కడ ఆగిపోతుందో చూపే గీతనే జీవశాస్త్రవేత్తలు ఫంక్షనల్ రెస్పాన్స్ అంటారు.

ఆ గీతకు గణితరూపం ఇచ్చినవారిలో ముఖ్యుడు కెనడా శాస్త్రవేత్త సి.ఎస్. హోలింగ్. 1959లో ప్రచురించిన ఒక ప్రయోగంలో ఆయన పురుగులను వాడనే లేదు. బల్ల మీద గరుకు కాగితపు బిళ్లలు పరిచి, కళ్లకు గంతలు కట్టిన మనిషిని వేలి కొసతో తడుముతూ వెతకమన్నారు. దొరికిన బిళ్లను తీసి పక్కన పెట్టాలి, మళ్లీ వెతకాలి. బిళ్లలు ఎక్కువైతే వెతుకులాట తగ్గింది కానీ తీసి పక్కన పెట్టే పని తగ్గలేదు. చివరికి సమయమంతా ఆ పనికే సరిపోయింది, గీత చదునైంది.

ఈ ప్రయోగం నుంచి వచ్చినవే ఆ రెండు అంకెలు. మొదటిది దాడి రేటు, అంటే వేటాడే జీవి ఎంత చురుగ్గా వెతికి పట్టుకుంటుందన్నది. సూత్రంలో దీన్ని a అని రాస్తారు. రెండోది హ్యాండ్లింగ్ టైమ్, h. ఒక ఎర దొరికాక దాన్ని చంపి, తిని, మళ్లీ వేటకు సిద్ధమయ్యేదాకా పట్టే సమయం ఇది. గీత మొదట్లో ఎంత నిటారుగా లేస్తుందో a చెబుతుంది. పైన ఎక్కడ చదునవుతుందో h చెబుతుంది.

అక్షింతల పురుగుతో ఈ ప్రయోగం చేయాలంటే పెట్రీ డిష్‌లో అలసంద ఆకు పెట్టి, లెక్కపెట్టిన పేనుబంకను వదలాలి. ఒక్కో డిష్‌లో ఒక్క అక్షింతల పురుగు. అన్నిటి ఆకలీ ఒకే స్థాయిలో ఉండటానికి వాటిని ముందురోజు పస్తుంచుతారు. 24 గంటల తర్వాత మిగిలినవి లెక్కపెడతారు. పేనుబంకతో ఇక్కడొక చిక్కుంది. ఆడవి మగవాటితో పనిలేకుండానే పిల్లలను పెడుతూ పోతాయి. పెద్దవాటితో మొదలుపెడితే మర్నాటికి లెక్క కలగాపులగమవుతుంది. అందుకే ఇంకా పిల్లలు పెట్టే వయసు రానివాటిని ఏరి వాడటం మేలు. వాటంతటవే ఎన్ని చస్తాయో తెలియడానికి అక్షింతల పురుగు లేని డిష్‌లు కొన్ని తప్పనిసరి.

ఇప్పుడు లెక్క కోసం ఒక ఉదాహరణ ఊహిద్దాం. 5 పెట్టిన డిష్‌లలో సగటున 4.2 తిన్నాయి. 10 పెడితే 8, 20కి 15, 40కి 25, 80కి 35, 160కి 42 తిన్నాయి అనుకుందాం.

ముందు చూడాల్సింది తిన్నవాటి శాతం. 5లో 84 శాతం పోగా, 40లో 63, 160లో 26 శాతమే పోయాయి. మొదటి నుంచీ శాతం తగ్గుతూనే ఉంది కాబట్టి ఇది రెండో రకం గీత. మూడో రకంలో ఎర బాగా పలచగా ఉన్నప్పుడు శాతం తక్కువగా ఉండి, కొంతదూరం పెరిగి, ఆపైన తగ్గుతుంది. ఈ తేడా పొలంలో చాలా ముఖ్యం. రెండో రకం వేటగాడు చివరి కొద్దిపాటి పురుగులనూ వెతికి తింటాడు, మూడో రకం వాటిని వదిలేస్తాడు. ప్రయోగాన్ని 20తో మొదలుపెట్టి ఉంటే రెండింట్లో ఏదన్నది తేలేదే కాదు.

ఆ తర్వాత సూత్రం ఎంచుకోవాలి. చాలామంది పొరబడేది ఇక్కడే. హోలింగ్ సూత్రం తిన్న ఎర తిన్నట్టే మళ్లీ నిండుతుందని అనుకుంటుంది. మన డిష్‌లో ఎవరూ కొత్తవి వేయలేదు. సాయంత్రానికి మిగిలిన ఒకటి రెండింటి కోసం పురుగు గంటలకొద్దీ తిరగాలి. ఈ తరుగుదలను లెక్కలోకి తెచ్చే సూత్రాన్ని 1972లో రోజర్స్ ఇచ్చారు:

```
Ne = N0 * (1 - exp(a * (h * Ne - T)))
```

ఇందులో N0 పెట్టినవి, Ne తిన్నవి, T ప్రయోగకాలం, ఇక్కడ ఒక రోజు. Ne రెండు వైపులా ఉండటంతో చేత్తో విడదీయడం కష్టం, కంప్యూటర్‌కు వదిలేయాలి. R భాషలో frair అనే ప్యాకేజీ ఈ పని చేస్తుంది:

```
library(frair)
frair_test(eaten ~ density, data = d)
m <- frair_fit(eaten ~ density, data = d,
               response = "rogersII",
               start = list(a = 1, h = 0.02),
               fixed = list(T = 1))
```

మొదట పిలిచిన frair_test గీత రకాన్ని పరీక్షిస్తుంది. తర్వాతిది a, hలను వెతుకుతుంది. start దగ్గర ఇచ్చేవి తొలి ఊహలు మాత్రమే.

మన అంకెలకు రోజర్స్ సూత్రంలో a సుమారు 2, h సుమారు 0.02 రోజు, అంటే 29 నిమిషాలు వస్తాయి. అవే అంకెలకు హోలింగ్ సూత్రం అతికిస్తే a 1.1 దగ్గర ఆగుతుంది, దాదాపు సగం! h కూడా 25 నిమిషాలకు తగ్గుతుంది. సూత్రం తప్పిందని గీత చూసే చెప్పవచ్చు. 5, 10, 20 దగ్గర అది అసలు చుక్కల పైనుంచి పోతుంది, 40, 80 దగ్గర కిందికి దిగుతుంది. చుక్కలు గీతకు అటూ ఇటూ చెల్లాచెదురుగా ఉండకుండా ఇలా వరసగా ఒకే పక్కకు ఒరిగితే అనుమానించాలి.

ఇక ఆ 29 నిమిషాల అర్థం ఏమిటి? 160 పెట్టిన డిష్‌లో 42 పురుగులకు తలా 29 నిమిషాలు వేస్తే 20 గంటలు దాటుతుంది, వెతకడానికి మిగిలేది నాలుగు గంటల లోపే. కానీ ఒక చిన్న పేనుబంక పురుగును నమిలి మింగడానికి అరగంట పట్టదు. అరుగుదల, విశ్రాంతి, రాత్రి నిద్ర అన్నీ ఆ hలో కలిసిపోయాయి. కాబట్టి దాన్ని గడియారంతో కొలిచిన భోజన సమయంగా రాయడం సరికాదు. h నుంచి వచ్చే రోజుకు 50 అనే గరిష్ఠం కూడా గీత ఎప్పటికీ పూర్తిగా అందుకోని పైకప్పు.

ప్రయోగాన్ని 40 దగ్గరే ఆపితే ఇంకో ఇబ్బంది. అక్కడికి గీత ఇంకా లేస్తూనే ఉంటుంది, పైకప్పు ఎక్కడుందో చుక్కలు చెప్పవు. a కాస్త పెంచి hనూ కాస్త పెంచితే దాదాపు అంతే బాగా అతుకుతుంది. అప్పుడు రెండు అంకెల విశ్వాస అవధులూ బాగా వెడల్పవుతాయి. frair_boot అదే డేటాను వందలసార్లు తిరగేసి ఆ వెడల్పును చూపిస్తుంది. అది పెద్దగా వస్తే సూత్రాన్ని సర్దడం కన్నా 80, 160 డిష్‌లు జోడించడమే మందు.

అయినా a ఎప్పుడూ ఆ డిష్‌కు చెందిన అంకె. తొమ్మిది సెంటీమీటర్ల డిష్ వైశాల్యం 64 చదరపు సెంటీమీటర్లు. a 2 అంటే పురుగు రోజుకు 128 చదరపు సెంటీమీటర్లు గాలించినంత పని చేసిందన్నమాట. అలసంద మొక్క ఒక్కదానికే ఆకుల అటూ ఇటూ కలిపి అంతకన్నా ఎన్నో రెట్లు ఉపరితలం ఉంటుంది, పైగా పేనుబంక అక్కడ చిగుళ్ల దగ్గర గుంపుగా ఉంటుంది, కాపలాకు చీమలూ వస్తాయి. అందుకే రెండు జాతుల అక్షింతల పురుగుల్లో ఏది మేలో ఒకే డిష్‌లో, ఒకే ఉష్ణోగ్రతలో పోల్చడానికి ఈ అంకెలు చక్కగా పనికొస్తాయి. ఎకరాకు ఎన్ని పురుగులు వదలాలో తేల్చాలంటే మాత్రం వలలు కప్పిన కుండీ మొక్కల మీద మళ్లీ కొలవాల్సిందే.