ఒకే కంపెనీ, నాలుగు మెట్లు

ఫార్మా కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబులో పనిచేసే ఒకామెను ఉదాహరణగా తీసుకుందాం. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తిచేసి 2016 జులైలో ట్రైనీగా చేరింది. ఏడాది తిరిగేసరికి ఎగ్జిక్యూటివ్ అయింది. 2020 ఏప్రిల్‌లో సీనియర్ ఎగ్జిక్యూటివ్, 2023 ఏప్రిల్‌లో అసిస్టెంట్ మేనేజర్. కంపెనీ మారలేదు, ఊరు కూడా మారలేదు. ఇప్పుడు మరోచోట ఉద్యోగానికి రెజ్యూమె రాసుకోవాలి. అనుభవం అనే శీర్షిక కింద ఈ ప్రయాణమంతా ఎలా రాయాలి?

ఎక్కువమంది చేసేది ఒకటుంది. కంపెనీ పేరు, దాని పక్కన ‘అసిస్టెంట్ మేనేజర్, జులై 2016 నుంచి ఇప్పటివరకు’ అని ఒకే వరుసలో రాసేస్తారు. ప్రమోషన్ వచ్చిన ప్రతిసారీ పాత హోదా కొట్టేసి కొత్తది రాస్తూ పోతే చివరికి మిగిలేది ఇదే. దీనివల్ల రెండు నష్టాలు. చూసేవాళ్లకు ఇన్నేళ్లూ ఒకే కుర్చీలో కూర్చున్న మనిషి కనిపిస్తుంది. అంతకన్నా పెద్ద చిక్కు, 2016లోనే ఆమె అసిస్టెంట్ మేనేజర్ అని కాగితం చెబుతోంది. అది నిజం కాదు. ఉద్యోగం ఖాయం చేసే ముందు కొత్త కంపెనీ తరఫున బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేసేవాళ్లు పాత హెచ్‌ఆర్‌ను అడిగితే తేడా అక్కడే బయటపడుతుంది.

దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి ఇంకొకటి. నాలుగు హోదాలకూ నాలుగుసార్లు కంపెనీ పేరు రాయడం. ఇందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే రెజ్యూమెల కట్ట ముందేసుకుని గబగబా తిరగేసే మనిషికి నాలుగు ఉద్యోగాలు మారినట్టు తోస్తుంది. పైగా ఒకే పేరు పదేపదే రాయడంతో పేజీలో చోటు వృథా.

సరైన అమరికలో కంపెనీ పేరు ఒక్కసారే వస్తుంది. దాని పక్కన ఊరు, మొత్తం కాలం. దాని కింద హోదాలు, కొత్తది పైన, పాతది అట్టడుగున. ప్రతి హోదాకూ దాని తేదీలు దాని వరుసలోనే ఉండాలి. మన ఉదాహరణలో ఇలా వస్తుంది:

కంపెనీ పేరు, హైదరాబాద్ — జులై 2016 నుంచి ఇప్పటివరకు
అసిస్టెంట్ మేనేజర్, క్యూసీ — ఏప్రిల్ 2023 నుంచి ఇప్పటివరకు
సీనియర్ ఎగ్జిక్యూటివ్, క్యూసీ — ఏప్రిల్ 2020 నుంచి మార్చి 2023
ఎగ్జిక్యూటివ్, క్యూసీ — జులై 2017 నుంచి మార్చి 2020
ట్రైనీ — జులై 2016 నుంచి జూన్ 2017

తేదీలు హోదా పక్కనే ఉండాలనడానికి కారణం ఉంది. చాలా కంపెనీల్లో రెజ్యూమెను మనిషికన్నా ముందు సాఫ్ట్‌వేర్ చదివి కంపెనీ, హోదా, కాలం అనే మూడింటినీ వేరుచేసి పెట్టుకుంటుంది. హోదా పక్కన తేదీ లేకపోతే పైనున్న మొత్తం కాలాన్ని మొదటి హోదాకే అంటగట్టే ప్రమాదముంది. అంటే మనం తప్పించుకున్న తప్పు మళ్లీ మొదటికొస్తుంది. టేబుళ్లు, రెండు కాలమ్‌ల డిజైన్లు వాడినా ఇలాంటి గందరగోళమే జరగొచ్చు. మామూలు వరుసల్లో రాయడమే క్షేమం.

అమరిక కుదిరినా, అసలు కష్టం హోదాల కింద రాసే విషయంలోనే ఉంది. నాలుగింటి కిందా ‘హెచ్‌పీఎల్‌సీ మీద శాంపిళ్ల పరీక్ష’ అనే రాస్తే, పేరు మారిందే తప్ప పని మారలేదని రాసుకున్నట్టే. ప్రతి మెట్టు దగ్గరా కొత్తగా ఏ బాధ్యత వచ్చిందో అది మాత్రమే రాయాలి. ట్రైనీగా సీనియర్ల పర్యవేక్షణలో ద్రావణాలు తయారుచేయడం, ముడిసరుకు పరీక్షలు. ఎగ్జిక్యూటివ్‌గా ఫినిష్డ్ ప్రొడక్టును సొంతంగా పరీక్షించి రికార్డు చేయడం. సీనియర్ అయ్యాక స్టెబిలిటీ శాంపిళ్ల బాధ్యత, ఫలితం నిర్ణీత పరిమితి దాటినప్పుడు కారణం వెతికే దర్యాప్తు, జూనియర్ల రికార్డుల రివ్యూ. ఇప్పుడు షిఫ్టు మొత్తానికి పని పంచడం, ఆడిట్‌కు వచ్చినవాళ్లకు ల్యాబు తరఫున జవాబు చెప్పడం. ఇలా రాస్తే ప్రమోషన్ ఎందుకు వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. దర్యాప్తులు చేసిన మనిషికే ల్యాబు అప్పగించారని చదివేవాళ్లకు తెలిసిపోతుంది.

చోటు కూడా సమానంగా పంచకూడదు. ఇప్పటి హోదాకు నాలుగైదు వాక్యాలు, దాని ముందుదానికి మూడు, ట్రైనీకి ఒకటి చాలు. రెండు హోదాల్లో పని దాదాపు ఒకటే అయితే ఆ రెండింటి తేదీలూ విడివిడిగా రాసి, వివరం మాత్రం ఉమ్మడిగా ఒకేచోట ఇవ్వొచ్చు. పని పూర్తిగా మారితే, ఉదాహరణకు క్యూసీ నుంచి రెగ్యులేటరీ అఫైర్స్‌కు వెళ్తే, వివరాలు తప్పకుండా విడిగా ఉండాలి.

లింక్డిన్‌లో ఈ పని చాలావరకు దానంతటదే జరుగుతుంది. హోదాలన్నీ ఒకే కంపెనీ పేజీకి ముడిపడి ఉండి, మధ్యలో విరామం లేకపోతే, లోగో ఒక్కసారే చూపించి హోదాలను ఒక గీతతో కలుపుతుంది. అందుకని ప్రమోషన్ రాగానే పాతదాన్ని దిద్దకుండా, Experience దగ్గర ప్లస్ గుర్తు నొక్కి Add position ఎంచుకోవాలి. కంపెనీ పేరు టైప్ చేస్తుంటే కింద లోగోతో వచ్చే జాబితాలోంచే తీసుకోవాలి. చేత్తో టైప్ చేసి వదిలేస్తే లోగో స్థానంలో బూడిదరంగు బొమ్మ వస్తుంది, ఆ హోదా గుంపులో చేరదు. విడిగా నిలబడ్డ హోదా కనిపిస్తే ముందు లోగోనూ, తర్వాత నెలలనూ సరిచూసుకోండి. పాత హోదాలు ఎక్కించేటప్పుడు Notify network ఆపేయడం మంచిది. ఎప్పటి సంగతో ఇప్పుడు పరిచయస్తులందరికీ కబురుగా వెళ్లాల్సిన పనిలేదు.

కలపకూడని సందర్భాలూ ఉన్నాయి. మొదటి ఏడాది థర్డ్ పార్టీ పేరోల్ మీద అదే ల్యాబులో పనిచేసి, తర్వాత పర్మినెంట్ అయినవాళ్లు చాలామంది ఉంటారు. కూర్చున్నది అదే బల్ల దగ్గరైనా ఆ ఏడాది యజమాని వేరు. పీఎఫ్ సర్వీస్ హిస్టరీలో ఆ ఏజెన్సీ పేరే ఉంటుంది. ఏజెన్సీ పేరుతో విడిగా రాసి, ఫలానా కంపెనీలో పనిచేశానని వివరంలో చెప్పాలి. ఉద్యోగం మానేసి రెండేళ్ల తర్వాత అదే కంపెనీకి తిరిగొచ్చినా రెండు విడతలుగానే రాయాలి. కలిపితే మధ్యలోని ఖాళీని దాచినట్టవుతుంది.

కంపెనీ పేరు మారితే మాత్రం కలపడమే న్యాయం. హైదరాబాద్‌లో దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ సత్యం కంప్యూటర్స్. 2009 జనవరిలో కుంభకోణం బయటపడ్డాక ఆ ఏడాదే టెక్ మహీంద్రా చేతికి వెళ్లింది. మహీంద్రా సత్యంగా పేరు మారి, 2013లో టెక్ మహీంద్రాలో విలీనమైంది. 2006లో చేరి ఆ మార్పులన్నిటిలోనూ కొనసాగినవాళ్లు మూడు పేర్లు విడివిడిగా రాస్తే మూడు కంపెనీలు మారినట్టుంటుంది. ‘టెక్ మహీంద్రా, పూర్వం సత్యం కంప్యూటర్ సర్వీసెస్’ అని ఒకే శీర్షిక పెట్టి హోదాలన్నీ దానికింద చేర్చాలి.

ఇంత జాగ్రత్తగా రాసినదానికి రుజువు కూడా చేతిలో ఉండాలి. రిలీవింగ్ లెటర్లో సాధారణంగా చేరిన తేదీ, వదిలిన తేదీ, చివరి హోదా మాత్రమే ఉంటాయి. మధ్యలోని మెట్లకు ప్రమోషన్ లెటర్లే ఆధారం. చాలాచోట్ల లెటర్ జూన్‌లోనో జులైలోనో చేతికొస్తుంది, అందులో మాత్రం ఏప్రిల్ 1 నుంచి వర్తిస్తుందని ఉంటుంది. రెజ్యూమెలో రాయాల్సింది వర్తించే తేదీ. ఆ లెటర్లు ఆఫీసు మెయిల్లోనో కంపెనీ పోర్టల్‌లోనో ఉండిపోతే రాజీనామా తర్వాత ఆ లాగిన్ పనిచేయదు. చివరి పనిరోజుకు ముందే, కంపెనీ నిబంధనలు ఒప్పుకున్న దారిలో, మీకిచ్చిన లెటర్ల ప్రతులు సొంతంగా దాచుకోండి. పోర్టల్‌లో లేని పాత లెటరేదైనా ఉంటే హెచ్‌ఆర్‌ను అడగాల్సింది నోటీసు పీరియడ్‌లోనే.