రాయికీ రిమ్ముకీ ఒకే వడి, వేర్వేరు త్వరణాలు

పాత సైకిలు ముందు చక్రం ఒకటి తీసుకుని టైరు, ట్యూబు ఊడదీయండి. ఇరుసును ఎత్తైన బల్ల అంచున గట్టిగా బిగించి, చక్రం నిలువుగా, అడ్డంకి లేకుండా తిరిగేలా చూడండి. ఖాళీగా ఉన్న రిమ్ము గాడిలో పురికొస రెండు మూడు చుట్లు చుట్టి, కొసకు చిన్న రాయి కట్టి వదిలేయండి. రాయి కిందికి దిగుతూ చక్రాన్ని తిప్పుతుంది. దిగేకొద్దీ రాయి వడి పెరుగుతుంది, దాంతోపాటే చక్రం వడీ పెరుగుతుంది. డిగ్రీ ఫిజిక్స్ ల్యాబుల్లో చేయించే ఫ్లైవీల్ ప్రయోగం దాదాపు ఇదే. అక్కడ బరువైన ఇనప చక్రం ఉంటుంది.

పురికొస కూర్చున్న చోట రిమ్ము మీద సుద్దముక్కతో ఒక చుక్క పెట్టండి. పురికొస జారకుండా ఉన్నంతసేపూ ఆ చుక్క వడీ, రాయి వడీ ఒక్కటే. రాయి సెకనుకు అర మీటరు చొప్పున దిగుతుంటే చుక్క కూడా సెకనుకు అర మీటరు చొప్పునే తిరుగుతుంటుంది. మరి రాయి త్వరణం ఎంతో చుక్క త్వరణమూ అంతేనా? వడి ఒకటే అయినప్పుడు త్వరణమూ ఒకటే కదా అని చాలామంది అనుకుంటారు. చక్రం కదలడం మొదలుపెట్టిన మొట్టమొదటి క్షణంలో మాత్రమే అది నిజం. ఆ తర్వాత చుక్క త్వరణం రాయి త్వరణాన్ని దాటిపోతూనే ఉంటుంది.

లెక్క సులువుగా ఉండటానికి కొలతలు అనుకుందాం. ఇరుసు నుంచి పురికొస దాకా 30 సెంటీమీటర్లు. రాయి బరువు అటూ ఇటూ మార్చి, మీటరు దూరం దిగడానికి ఒకటిన్నర సెకను కన్నా కాస్త తక్కువ, అంటే 1.41 సెకన్లు పట్టేలా చూసుకున్నాం. అప్పుడు రాయి త్వరణం 1 మీ/సె² అవుతుంది. దాని వడి సెకను సెకనుకీ సెకనుకు ఒక మీటరు చొప్పున పెరుగుతోందన్నమాట. సుద్ద చుక్క వడి కూడా సరిగ్గా అంతే పెరుగుతోంది. చుక్కకున్న త్వరణంలో ఈ భాగాన్ని స్పర్శీయ త్వరణం అంటారు. చక్రం అంచును తాకుతూ పోయే స్పర్శరేఖ వెంట, చక్రం తిరిగే వైపుకే దీని దిశ ఉంటుంది. వడిని పెంచే పని అంతా దీనిదే. రాయి బరువు, చక్రం బరువు మారనంతవరకు ఇది మొదటి నుంచి చివరిదాకా 1 దగ్గరే నిలిచి ఉంటుంది.

రాయికి లేనిదీ చుక్కకు ఉన్నదీ ఇంకొకటి ఉంది. రాయి ఎప్పుడూ కిందికే పోతుంది. చుక్క మాత్రం ఒక క్షణం కిందికి, తర్వాత పక్కకు, ఆ తర్వాత పైకి పోతుంది. వేగం అంటే వడి ఒక్కటే కాదు, దిశ కూడా అందులో భాగం. దిశ మారినా వేగం మారినట్టే, వేగం మారితే అక్కడ త్వరణం ఉన్నట్టే. దిశను మార్చే ఈ రెండో భాగం ఎప్పుడూ ఇరుసు వైపు చూస్తుంటుంది. దీన్ని అభికేంద్ర త్వరణం అంటారు. దీని విలువ v²/r, అంటే వడిని వడితోనే గుణించి వ్యాసార్థంతో భాగిస్తే వచ్చేది. వడి రెట్టింపైతే ఇది నాలుగింతలు ఎందుకవుతుందో చూడండి. చుక్క రెండింతల వడితో తిరిగితే దాని దిశ రెండింతలు త్వరగా మారుతుంది. మళ్లించాల్సిన వేగం కూడా రెండింతలే. రెండు రెళ్లు నాలుగు. డచ్ శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ ఈ వర్గ నియమాన్ని 1673లో లోలకపు గడియారాల మీద రాసిన తన పుస్తకం చివర ప్రకటించాడు. న్యూటన్ ప్రిన్సిపియా వచ్చింది ఆ తర్వాత 14 ఏళ్లకు.

ఇప్పుడు రాయి వెంట కిందికి దిగుదాం. వదిలిన క్షణంలో వడి సున్నా, కాబట్టి అభికేంద్ర త్వరణం కూడా సున్నా. చుక్క త్వరణం మొత్తం స్పర్శరేఖ వెంటే ఉంది, విలువ 1. రాయి 15 సెంటీమీటర్లు దిగేసరికి వడికి వర్గం 0.3 అవుతుంది. దాన్ని 0.3 మీటర్ల వ్యాసార్థంతో భాగిస్తే అభికేంద్ర త్వరణం సరిగ్గా 1. రెండూ సమానమయ్యాయి. ఒకటి అంచు వెంట, ఇంకొకటి ఇరుసు వైపు, రెండింటి మధ్యా లంబకోణం. అందుకే మొత్తం త్వరణం ఈ రెండింటికీ సరిగ్గా నడుమ, 45 డిగ్రీల వాలులో ఉంటుంది.

రాయి 60 సెంటీమీటర్లు దిగేసరికి అభికేంద్ర త్వరణం 4కు చేరుతుంది. మీటరు దిగాక 6.67. స్పర్శీయ త్వరణం మాత్రం అప్పటికీ 1 దగ్గరే ఉంది. పరీక్ష పేపర్లలో తరచూ కనిపించే తప్పు ఇక్కడే జరుగుతుంది. రెండూ త్వరణాలే కదా అని కూడేస్తే 7.67 వస్తుంది. లంబంగా ఉన్న రెండింటిని అలా కూడకూడదు. లంబకోణ త్రిభుజంలో కర్ణాన్ని కనుక్కున్నట్టు, రెండింటి వర్గాలూ కలిపి వర్గమూలం తీయాలి. అలా తీస్తే మొత్తం త్వరణం 6.74 వస్తుంది. ఇరుసు వైపు గీసిన గీతకు అది ఎనిమిదిన్నర డిగ్రీలు మాత్రమే ముందుకు వాలి ఉంటుంది. మీటరు దిగిన చోట ఈ తప్పు పెద్దగా కనిపించకపోవచ్చు. 15 సెంటీమీటర్ల దగ్గర చూస్తే తెలుస్తుంది: కూడితే 2, అసలు విలువ 1.41.

రెండు త్వరణాలూ సమానమైంది రాయి 15 సెంటీమీటర్లు దిగినప్పుడు. అది వ్యాసార్థంలో సరిగ్గా సగం. ఇది కాకతాళీయం కాదు. రాయి బరువు పెంచి దాని త్వరణం 2 మీ/సె² చేసినా, 15 సెంటీమీటర్ల దగ్గర అభికేంద్ర త్వరణం కూడా 2 అవుతుంది. చక్రం పెద్దదైనా చిన్నదైనా అంతే. నిలిచి ఉన్న చక్రం నిలకడైన త్వరణంతో బయల్దేరితే, సుమారు 28.6 డిగ్రీలు, అంటే అర రేడియన్ తిరిగేసరికి రెండూ సమానమవుతాయి. అభికేంద్ర త్వరణం స్పర్శీయ త్వరణానికి ఎన్ని రెట్లో తెలియాలంటే, చక్రం తిరిగిన కోణాన్ని రేడియన్లలో తీసుకుని రెట్టింపు చేస్తే చాలు. ఒక పూర్తి చుట్టు తిరిగేసరికి ఆ నిష్పత్తి 12.57. అప్పటికి మొత్తం త్వరణం ఇరుసు గీతకు అయిదు డిగ్రీల లోపు వాలులోకి వచ్చేస్తుంది. ఈ విషయంలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఈ ఫలితమే. ఎంత బలంగా లాగారు, ఎంతసేపు లాగారు, చక్రం ఎంత పెద్దది అన్న ప్రశ్నలేవీ ఇందులో లేవు. బాణం ఎటు చూస్తుందో చెప్పడానికి చక్రం ఎంత తిరిగిందో తెలిస్తే సరిపోతుంది. ఒకే పుల్ల మీద లోపల ఒక చుక్క, అంచున ఒక చుక్క పెట్టినా రెండింటి బాణాలూ ఒకే వాలులో ఉంటాయి. పొడవులో మాత్రమే తేడా.

పురికొస రిమ్మును వదిలే చోటును కాస్త దగ్గరగా చూడండి. మీటరు దిగిన సమయంలో, ఇంకా రిమ్మును అంటిపెట్టుకుని ఉన్న పురికొస తునకకు 6.67 అభికేంద్ర త్వరణం ఉంది. మరుక్షణం అదే తునక రిమ్మును వదిలి నిట్టనిలువుగా కిందికి సాగుతుంది. దాని వడి మారలేదు, వడి పెరిగే తీరూ మారలేదు. దారి వంపు పోయింది, దాంతో అభికేంద్ర త్వరణం మొత్తం పోయింది. రాయి నేలను తాకి పురికొస వదులైనప్పుడు దీనికి సరిగ్గా తిరగబడుతుంది. లాగేది లేదు కాబట్టి స్పర్శీయ త్వరణం పోతుంది. చక్రం మాత్రం అదే వడితో తిరుగుతూ ఉంటుంది, 6.67 అభికేంద్ర త్వరణం అలాగే ఉంటుంది. బేరింగు రాపిడి వల్ల వడి నెమ్మదిగా తగ్గుతుంటే స్పర్శీయ త్వరణం వెనక్కి తిరుగుతుంది, మొత్తం బాణం కూడా ఇరుసు గీతకు కొద్దిగా వెనక్కి వాలుతుంది.

ప్రయోగం సరిగ్గా జరిగిందో లేదో తెలుసుకోవడానికి రెండు పరీక్షలున్నాయి. రాయి దిగడాన్ని ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయండి. మొదటి 25 సెంటీమీటర్లకు పట్టిన సమయం మీటరుకు పట్టిన సమయంలో సగం ఉంటే త్వరణం నిలకడగా ఉన్నట్టు. లేకపోతే బేరింగు పట్టేస్తోందని అర్థం, నూనె వేయండి. రెండోది, రాయి మీటరు దిగేసరికి సుద్ద చుక్క 191 డిగ్రీలు, అంటే అర చుట్టు కన్నా కాస్త ఎక్కువ తిరిగి ఉండాలి. తక్కువ తిరిగితే పురికొస జారింది. అప్పుడు రాయి త్వరణాన్ని చుక్కకు అంటగట్టడం కుదరదు.

ఫోన్‌నే చక్రానికి కట్టి, అందులోని త్వరణమాపకంతో నేరుగా కొలుద్దామని కొందరికి అనిపిస్తుంది. నిలువు చక్రం మీద అది మోసం చేస్తుంది. బల్ల మీద కదలకుండా ఉన్న ఫోన్ కూడా 9.8 చూపిస్తుంది, ఎందుకంటే బల్ల దాన్ని మోస్తున్న సంగతి కూడా ఆ పరికరం లెక్కలోకి వస్తుంది. నిలువు చక్రం మీద ఆ 9.8 ప్రతి చుట్టులోనూ దిశ మార్చుకుంటూ మనకు కావలసిన విలువలతో కలిసిపోతుంది. చక్రాన్ని పడుకోబెట్టి, ఫోన్ పొడవు అంచును పుల్ల వెంట పెట్టి కట్టి, చేత్తో మెల్లగా వడి పెంచితే చిక్కు విడిపోతుంది. భూమ్యాకర్షణ తెరకు అడ్డంగా ఉండే మూడో అంకెలోకి పోతుంది. మిగతా రెండు అంకెల్లో ఒకటి అభికేంద్ర త్వరణం, ఇంకొకటి స్పర్శీయ త్వరణం.

ఇంట్లోని సీలింగ్ ఫ్యాను దగ్గర ఈ అంకెలు ఎక్కడికి చేరతాయో కూడా చూద్దాం. 1200 మిల్లీమీటర్ల ఫ్యానులో రెక్క కొస ఇరుసుకు 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. నిమిషానికి 350 చుట్లు తిరిగితే ఆ కొస వడి సెకనుకు 22 మీటర్లు, గంటకు దాదాపు 80 కిలోమీటర్లు. అభికేంద్ర త్వరణం 800 మీ/సె² దాటుతుంది, అంటే భూమ్యాకర్షణ త్వరణానికి 80 రెట్ల పైచిలుకు. ఆ వడిని పది సెకన్లలో అందుకుందనుకుంటే సగటు స్పర్శీయ త్వరణం 2.2 మాత్రమే. అయితే ఇక్కడ రెట్టింపు కోణం సూత్రం చివరిదాకా పనికిరాదు. వడి పెరిగేకొద్దీ గాలి అడ్డగింపు పెరిగి స్పర్శీయ త్వరణం తగ్గుతూ పోతుంది, ఫ్యాను పూర్తి వడికి చేరాక సున్నా అవుతుంది. ఆ స్థితిలో మాత్రమే మొత్తం బాణం నేరుగా ఇరుసు వైపు చూస్తుంది.

ఫిజిక్స్ పాఠం చెప్పే మాస్టార్లకు ఒక మాట. వడి పెరుగుతున్న చక్రం బొమ్మ వేసినప్పుడు, అలవాటు కొద్దీ అంచు నుంచి ఇరుసు వైపు ఒక్క బాణం గీసి వదిలేయకండి. చక్రం బయల్దేరిన క్షణంలో, అర రేడియన్ దగ్గర, ఒక చుట్టు పూర్తయ్యాక అని మూడు బొమ్మలు వేసి, మొత్తం త్వరణపు బాణాన్ని పిల్లల చేతే గీయించండి.