మెయిల్ పంపితే కార్డు తయారు

అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శికి లిఫ్ట్ కంపెనీ నుంచి కొటేషన్ మెయిల్ వస్తుంది. సాయంత్రం తీరిగ్గా చూద్దామనుకుంటారు. ఈలోగా వచ్చిన కరెంటు బిల్లులు, బ్యాంకు సందేశాల కింద అది కూరుకుపోతుంది. పనుల జాబితా యాప్ వాడేవారికీ ఈ తిప్పలు తప్పవు, ఎందుకంటే మెయిల్లోని పనిని జాబితాలోకి ఎక్కించేది మళ్లీ చేత్తోనే.

ట్రెల్లోలో ఆ శ్రమ లేదు. అందులో ఒక బోర్డు, దాని మీద జాబితాలు, ఒక్కో పనికి ఒక్కో కార్డు ఉంటాయి. బోర్డు మెనూలో Email-to-board తెరిస్తే, ఆ బోర్డుకూ ఆ సభ్యుడికీ మాత్రమే చెందిన పొడవాటి మెయిల్ చిరునామా కనిపిస్తుంది. వచ్చే కార్డు ఏ జాబితాలో, పైన చేరాలో కింద చేరాలో అక్కడే ఎంచుకోవచ్చు. చిరునామాను ఫోన్ కాంటాక్టుల్లో దాచుకుంటే మంచిది, అంత పొడుగు ఎవరికీ గుర్తుండదు.

ఇక కొటేషన్ మెయిల్‌ను ఆ చిరునామాకు ఫార్వర్డ్ చేయాలి. పంపే ముందు సబ్జెక్టు చెరిపేసి ఇలా రాయాలి:

```
లిఫ్ట్ కొటేషన్లు పోల్చాలి #Lift_Work @ramana302
```

మొదటి మాటలు కార్డు పేరవుతాయి. # తర్వాత ఉన్నది లేబుల్. బోర్డులో దాని పేరు Lift Work అని ఉంటే, మధ్య ఖాళీకి బదులు అండర్‌స్కోర్ పెట్టాలి, లేదా రెండు మాటలనూ కలిపేయాలి. @ తర్వాత పని ఎవరిదో వారి ట్రెల్లో యూజర్‌నేమ్ రాయాలి. ఇంట్లో పిలిచే పేరు రాస్తే కుదరదు. మెయిల్లోని రాత కార్డు వివరణలోకి, జతచేసిన పీడీఎఫ్ కార్డులోకి వెళ్తాయి.

పాత సబ్జెక్టును అలాగే వదిలేస్తేనే చిక్కు. “Fwd: Quotation” అన్న పేరు చూసి ఏం చేయాలో ఎవరికి తెలుస్తుంది? అందులో #2 వంటి బిల్లు నంబరుంటే మరీ ఇబ్బంది, ట్రెల్లో లేబుల్‌ను నంబరుతో కూడా గుర్తిస్తుంది మరి. కాబట్టి మొదట్లో ఒకటి రెండుసార్లు కార్డు తెరిచి చూసుకోవాలి. లేబుల్ రాకపోతే ముందు పేరులోని అక్షరాలు సరిచూడాలి.

కార్డు మీద రాసే వ్యాఖ్య లిఫ్ట్ కంపెనీకి జవాబుగా వెళ్లదు. జవాబు మెయిల్లోనే ఇవ్వాలి. ఫార్వర్డ్ చేసేటప్పుడు కింద వేలాడే పాత ఉత్తరాలనూ, ఫోన్ నంబర్లనూ తీసేయడం మర్యాద. అవి కూడా వివరణలో చేరి, బోర్డులోని అందరికీ కనిపిస్తాయి.

ఆ చిరునామా తెలిసినవారు ఎవరైనా దాని యజమాని పేరుమీదే కార్డులు వేయగలరు. అందుకే దాన్ని వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. పొరపాటున బయటపడితే అదే మెనూలో కొత్త చిరునామా తయారు చేసుకోవచ్చు.