రేపటి మాట ఎక్కడ ఆగుతుంది?

2013 జులైలో మన దేశంలో టెలిగ్రాం సేవ ఆగిపోయింది. నెల తిరిగేసరికి, ఆగస్టులో, దురోవ్ అన్నదమ్ములు పావెల్, నికొలాయ్ అదే పేరుతో ఫోన్ యాప్ విడుదల చేశారు. పాత టెలిగ్రాం పుట్టిందే మాట తొందరగా చేరడానికి. కొత్త టెలిగ్రాంలో నాకు బాగా నచ్చిన పని మాత్రం మాటను వేళ వచ్చేదాకా ఆపి ఉంచడం.

2017 నవంబరులో అందులో సేవ్డ్ మెసేజెస్ వచ్చింది. మనకు మనం రాసుకునే పెట్టె అది. 2019 ఆగస్టులో చప్పుడు లేకుండా పంపే వీలు, సెప్టెంబరులో మాటకు వేళ పెట్టే వీలు వచ్చాయి. పంపే బాణం గుర్తును నొక్కి పట్టుకుంటే `Send Without Sound`, `Schedule Message` అని కనిపిస్తాయి. సేవ్డ్ మెసేజెస్‌లో రెండోదాని స్థానంలో `Set a Reminder` ఉంటుంది.

చంద్రగిరిలో ఉన్నామన్న మాటే గానీ, కొండమీద దర్శనానికి మాకూ ఆన్‌లైన్ టికెట్టే దిక్కు. ఈమధ్య మూడు వందల రూపాయల టికెట్లను సాధారణంగా నెలలో 24న ఉదయం 10 గంటలకు వదులుతున్నారు. 2025 మార్చి 24 ఉదయం 9:45కి నాకు నేనే గుర్తు పెట్టుకున్నాననుకోండి. ఆ వేళ సర్వర్‌కు 1742789700 అనే అంకెగా చేరుతుంది. 1970 జనవరి 1న గ్రీన్‌విచ్ కాలమానంలో అర్ధరాత్రి మొదలుపెట్టి లెక్కించిన సెకన్లు అవి. మాట, అంకె రెండూ సర్వర్‌లోనే ఉంటాయి. మధ్యలో ఫోన్ ఆపేసినా, పోగొట్టుకున్నా ఆ సెకను రాగానే సర్వర్ మాటను విడిచిపెడుతుంది. మామూలుగా మనకు మనం రాసుకున్నది మోగదు. ఇలా గుర్తు పెట్టుకున్నది మాత్రం మోగుతుంది.

అయితే ఆ మోత వినబడాలంటే 9:45కి ఫోన్‌లో నెట్ ఉండాలి. బ్యాటరీ ఆదా చేసే అమరిక యాప్‌ను నిద్రపుచ్చి ఉంటే, ఫోన్ తెరిచాక గానీ గుర్తు కనబడదు. మాట మీద 9:45 అనే ఉంటుంది, మనం చూసేది పదిన్నరకు. తప్పు సర్వర్‌దా ఫోన్‌దా అన్నది అక్కడే తెలిసిపోతుంది. ఇంటిగోడ మీది గడియారంలా ఫోన్‌లోనే మోగే అలారానికి ఈ ఇబ్బంది లేదు. అందుకే టికెట్ల రోజున నేను రెండూ పెట్టుకుంటాను.

రహస్య సంభాషణల్లో వేళ పెట్టే వీలే లేదు. వాటి తాళంచెవులు ఆ ఇద్దరి ఫోన్లలోనే ఉంటాయి, సర్వర్ దగ్గర ఉండవు. మామూలు సంభాషణల్లో అయితే ఒక్కోదాంట్లో వంద మాటల దాకా, ఏడాది ముందు దాకా ఆపి ఉంచవచ్చు. రాసే గడి పక్కనున్న క్యాలెండర్ గుర్తును తాకితే అవన్నీ కనిపిస్తాయి, వేళ మార్చుకోవచ్చు.

మా అక్క డల్లాస్‌లో ఉంటుంది. ఇక్కడ మధ్యాహ్నం అన్నం తినేవేళకు అక్కడ నడిరాత్రి. "నిద్రలో ఉంటాదిరా, ఇప్పుడు చేయొద్దు" అని అమ్మ నా చేతిలో ఫోన్ పట్టుకుంటుంది. అలాంటప్పుడు చప్పుడు లేకుండా పంపుతాను. మాట వెంటనే చేరుతుంది, అక్క ఫోన్ మోగదు.

నవంబరు నడిమిలో అక్క పుట్టినరోజు. అక్టోబరులోనే అక్కడ ఉదయం 8 గంటలకు చేరాలని ఇక్కడి లెక్కన సాయంత్రం 6:30 పెట్టాను. అప్పటికి తేడా పదిన్నర గంటలు. నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, తేడా పదకొండున్నర అవుతుంది. నా మాట ఏడింటికే మోగి ఆమెను లేపింది. సర్వర్‌కు తెలిసింది సెకన్ల అంకె ఒక్కటే, డల్లాస్ ఉదయం అన్నది దానికి తెలియదు. అందుకే నవంబరు, మార్చి మాటలకు వేళ పెట్టేటప్పుడు ఆ తేదీన అక్కడి సమయం ఎంతుంటుందో చూసుకోవాలి.

2019 డిసెంబరు చివర్లో వచ్చిన `Send When Online` ఈ లెక్కనే తప్పించింది. అవతలివాళ్లు యాప్ తెరవగానే మాట చేరుతుంది. కానీ వేళ రాసే గడిలో ఏదో ఒక అంకె ఉండాలి కదా. టెలిగ్రాం అందులో 2147483646 పెట్టింది. పాత 32 బిట్ల సెకన్ల లెక్కలో పట్టే అతిపెద్ద అంకెకు ఒకటి తక్కువ ఇది. క్యాలెండర్‌లోకి మారిస్తే 2038 జనవరి 19, మన ఉదయం 8 గంటల 44 నిమిషాల 6 సెకన్లు. ఆ అంకె చూసిన సర్వర్ తేదీ కోసం ఆగదు, మనిషి కోసం ఆగుతుంది.

అక్క తాను ఆన్‌లైన్‌లో ఉన్న సంగతి దాచుకుంటే నాకు ఆ ఎంపికే కనబడదు. నా కోసం ఆమె దాన్ని తెరిచి ఉంచింది. ఈ ఏడు పుట్టినరోజు మాటను అలాగే పెట్టాను. అక్క లేచి ఫోన్ తెరిచేదాకా అది 2038 తేదీ మోసుకుని సర్వర్‌లో ఉంటుంది.